ఇద్దరు సుబ్బరాయుళ్ళ చలానా

కొమ్మినేని వారింట్లో ఒక తాత పేరు ఇద్దరు మనవలకు పడింది. పెద్దకొడుకు తన కొడుక్కి సుబ్బరాయుడని పెట్టుకున్నాడు. ఏడాది తిరక్కముందే చిన్నకొడుక్కీ మగపిల్లాడు పుట్టాడు. ఆయన నాకు మాత్రం నాన్న కాదా అని అతనూ అదే పేరు పెట్టాడు. ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఊరే ఒక దారి చూసుకుంది. పెద్దవాడు పచ్చగా ఉంటాడు కాబట్టి ఎర్ర సుబ్బరాయుడు, చిన్నవాడు నల్ల సుబ్బరాయుడు. పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు పోయే దారిలో ఎవర్ని అడిగినా ఈ రంగులతోనే చెబుతారు. గవర్నమెంటుకు మాత్రం రంగులు తెలియవు.

నల్ల సుబ్బరాయుడికి జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టుంది. పొద్దున పోయి సాయంత్రం ఊరికొస్తాడు. ఆ ఆగస్టులో ఒక ఆదివారం వసారాలో కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. గేటు చప్పుడైంది. ఎర్ర సుబ్బరాయుడు వస్తున్నాడు. వెనకాల ప్రేమదాసు, చంకలో ఫైలు.

ప్రేమదాసుది నందిగామ. కోర్టు ఎదురు సందులో చిన్న గది తీసుకుని ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేస్తాడు. ఒకప్పుడు ఇద్దరు సుబ్బరాయుళ్ళకూ అతనే వేసేవాడు. ఎర్రాయన వెళ్ళేచోటికి తను పోనని నల్లాయన మానేసి, పేటలో నవీన్‌బాబు దగ్గర చేరాడు.

ఎర్రాయన ఈ గడప తొక్కి చాలా ఏళ్ళయింది. నల్ల సుబ్బరాయుడు లేవలేదు. బ్లేడు కాయితంలో మడిచి పక్కన పెట్టాడు.

"రా అన్నయ్యా. దారి తప్పావా?"

"తప్పలేదురా. నీతో పని పడింది."

లోపలి నుంచి పుష్పవతి తొంగిచూసి, "బావగారా! మంచినీళ్ళు తెస్తానుండండి" అంది.

"నీళ్ళా?" అన్నాడు నల్ల సుబ్బరాయుడు భార్యతో. "నీళ్ళకేం తొందర. కూర్చోనీ ముందు."

ఆ మాటకు ఎర్రాయన మొహం ఇంకాస్త ఎర్రబడింది. దేని గురించి అన్నాడో ఇద్దరికీ తెలుసు. తండ్రుల నాటి పంపకాల్లో బావి ఉన్న ఎకరం పెద్దవాటాకు పోయింది. చిన్నవాటా కింద చేను బావి నీళ్ళ మీదే బతకాలి. మిర్చి కాపు మీదున్న ఒక సంవత్సరం నల్ల సుబ్బరాయుడు నీళ్ళ కోసం అన్న గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎర్రాయన అన్నం తింటూ, కంచంలోంచి తలెత్తకుండా, "రేపు చూద్దాంలే" అన్నాడు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే. కళ్ళముందే తోట ముడుచుకుపోయింది. ఆ ఏడు అప్పు తీర్చడానికి పుష్పవతి మెడలోది పేట బజారులో తాకట్టు పెడితే మళ్ళీ ఇంటికి రాలేదు. వ్యవసాయం మీద ఆశ చచ్చి ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు కలిసొచ్చింది. ఆ మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ప్రేమదాసు నిలబడే ఉన్నాడు. కుర్చీ ఇంకోటి ఉంది గాని కూర్చోమన్నవాళ్ళు లేరు.

"రాయుడుగారండీ, తప్పు నాది" అన్నాడు. "అన్నయ్యగారు బైపాస్ పక్కన స్థలం అమ్మారు కదండీ జనవరిలో. ఆ లాభం మీద మార్చిలో అడ్వాన్స్ టాక్స్ కట్టించాను. ఆరు లక్షల నలభై వేలండి. చలానా కాయితం నా కంప్యూటర్లోనే తీశాను. పేటలో బ్యాంకులో అన్నయ్యగారే చెక్కిచ్చి కట్టారు. మీ ఇద్దరి పేర్లూ నా దగ్గర వరసనే ఉంటాయండి. పాన్ నెంబరు మీది పడింది. ఆ పేజీలో పేరు సగం అక్షరాలు దాచి చూపిస్తుంది. కనపడ్డ అక్షరాలన్నీ సరిపోయినాయి. ఇంటిపేరొకటే, పేరొకటేనాయె."

"అంటే?" అన్నాడు నల్ల సుబ్బరాయుడు. అర్థమయ్యే అన్నాడు.

"ఆయన కట్టింది మీ లెక్కలో జమపడిందండి. సంవత్సరం సరిగ్గానే ఉంది. మనిషే మారాడు. రిటర్ను వేసేముందు ట్వంటీ సిక్స్ ఏఎస్ అని గవర్నమెంటువారి జమల పట్టీ తీసి, కట్టింది ఆయన పేరున పడిందో లేదో చూడాలండి. నేను రసీదు మీద నెంబర్లు చూసి ఎక్కించేశాను. వాళ్ళ దగ్గర ఆయన పేరున ఆ చలానా లేదు. పన్ను మొత్తం మళ్ళీ కట్టమని, పైన వడ్డీతో నోటీసొచ్చింది."

"సంతకం పెట్టించుకునేటప్పుడు నెంబరు చూడమని చెప్పాడా వీడు?" అని ఎర్రాయన అరిచాడు. "చేసిందంతా చేసి ఇప్పుడు బైబిల్లో వాక్యం చదివినట్టు చదువుతున్నాడు."

ప్రేమదాసు తలొంచుకున్నాడు. ఫైలులోంచి ఒక కాయితం తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సంవత్సరం తప్పయితే మనమే దిద్దుకునే దారుందండి. మనిషి తప్పయితే విజయవాడలో ఆఫీసరుగారే దిద్దాలి. మీరు ఈ కాయితం మీద, ఆ చలానా నాది కాదు, మా అన్నకి మార్చడానికి నాకు అభ్యంతరం లేదు అని సంతకం పెడితే ఆయన మారుస్తారు. అది లేకుండా ఒకరి లెక్కలోది తీసి ఇంకొకరికి వెయ్యరండి."

నల్ల సుబ్బరాయుడు కాయితం అందుకుని కళ్ళజోడు లేకుండానే అటూ ఇటూ తిప్పాడు. తనింకా ఈ ఏడు రిటర్ను వెయ్యలేదు. నవీన్‌బాబు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇంకా గడువుందిలే అని ఊరుకున్నాడు. అదే మంచిదయింది.

"నువ్వేమంటావన్నయ్యా?" అన్నాడు.

"అనేదేముందిరా. పెట్టు. నీ సొమ్ము కాదుగా."

బతిమాలి అడిగితే ఏం చేసేవాడో నల్ల సుబ్బరాయుడికే తెలియదు. ఎర్రాయన బతిమాలలేదు. మంచం కింద చెప్పులందుకోమన్నట్టు అన్నాడు.

నల్ల సుబ్బరాయుడు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు చూద్దాంలే" అన్నాడు.

మంగళవారం పొద్దున్నే నవీన్‌బాబు దగ్గర కూర్చున్నాడు. ఆ కుర్రాడు పేట మెయిన్ రోడ్డులో మేడమీద గది తీసుకున్నాడు. కంప్యూటర్లో రిటర్ను తెరవగానే ఆగిపోయాడు.

"బాబాయ్, మార్చిలో అడ్వాన్స్ టాక్స్ కట్టారా? నాకు చెప్పలేదే. ఆరు నలభై!"

"కట్టా."

"మీ పన్ను మొత్తం కలిపినా అరవై వేలు దాటదు. ఇంతెందుకు కట్టారు?"

"కడితే తప్పా?"

"తప్పు కాదు. ఎక్కువైంది తిరిగొస్తుంది. రసీదుందా?"

"ఎక్కడో పోయింది. నా పాన్ మీదే ఉందంటివిగా. ఇంక రసీదెందుకు?"

నవీన్‌బాబు పెన్ను నోట్లో పెట్టుకుని ఆయన వంక చూశాడు. ఊరి సంగతులు అతనికీ తెలుసు. బైపాస్ పక్క స్థలం ఎవరమ్మారో పేట అంతా తెలుసు.

"బాబాయ్, ఇది మీదేగా? రేపు ఎవరన్నా వచ్చి నాదంటే నా పీకకు చుట్టుకుంటది."

"కంప్యూటర్లో ఎవరి పేరుంది?"

"మీ పేరే."

"మరి? నా పేరు నాది కాదంటావా? మా తాత పెట్టుకొమ్మని ఇచ్చిన పేరు."

నవీన్‌బాబు ఇంకేమీ అడగలేదు. అడగకపోవడానికే కొంతమంది ఫీజు తీసుకుంటారు. రిటర్ను వేశాడు. ఫోన్‌కి నెంబరొచ్చింది. నల్ల సుబ్బరాయుడు ఒక్కో అంకె గట్టిగా చదివి చెప్పాడు.

ఆ వారంలో ప్రేమదాసు వచ్చాడు. నల్ల సుబ్బరాయుడు రేపు చూద్దాంలే అన్నాడు. మళ్ళీ వచ్చాడు. నవీన్‌బాబుకి చూపించాలి, వాడు ఊళ్ళో లేడన్నాడు. ప్రేమదాసు నందిగామ నుంచి బస్సులో పేటకొచ్చి, అక్కడ ఆటో ఎక్కి, ఊళ్ళోకి నడిచి వచ్చేవాడు. ఒకసారి వాన పడుతుంటే వసారా చూరు కింద నిలబడ్డాడు. పుష్పవతి కాఫీ ఇవ్వబోయింది. నల్ల సుబ్బరాయుడు కళ్ళతో వద్దన్నాడు.

ఆ రోజు ప్రేమదాసు పోయాక ఆవిడ ఊరుకోలేదు. "ఆ మనిషేం చేశాడండీ? మీకు మీకుంటే మీరూ మీరూ చూసుకోండి. సంతకం పెట్టి పారెయ్యరాదూ?"

"నీ మెడలోది తాకట్టుకి పోయినప్పుడు ఎవడన్నా సంతకం పెట్టి పారేశాడా?"

"నా మెడ నేను మర్చిపోయాను. మీరే మర్చిపోనియ్యరు."

నాలుగోసారి ఎర్రాయన ఒక్కడే వచ్చాడు. ఈసారి గొంతు తగ్గింది. మనిషి గడ్డం చేసుకోలేదు. "ఒరే తమ్ముడూ, నోటీసు గడువు ముప్పై రోజులేరా. దాటితే నెల నెలా వడ్డీ పెరుగుతుందంట. స్థలం డబ్బు పాత బాకీలకు పోయింది, మిగిలింది కోతమిషన్‌కి కట్టాను. దాని కిస్తీలన్నీ నా బ్యాంకు ఖాతాలోంచే పోవాలి. పన్నువాళ్ళు ఆ ఖాతా ఆపేశారంటే మిషను ఫైనాన్సువాడు ఎత్తుకుపోతాడు. పెట్టరా."

ఇప్పుడు బతిమాలాడు. నల్ల సుబ్బరాయుడికి లోపల చల్లగా తగిలింది, వేసవిలో కుండ మూత తీసినట్టు. ఇన్నేళ్ళు దీనికోసమే ఎదురుచూశానా అనుకున్నాడు. ఇది వస్తే చాలనుకున్నాడు. వచ్చాక చాల్లేదు.

"రేపు చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

నెల తిరక్కముందే ఫోన్ మోగింది. బ్యాంకు నుంచి మెసేజి. తన పన్ను పోను మిగిలిన అయిదు లక్షల ఎనభై వేలూ ఖాతాలో పడ్డాయి. నల్ల సుబ్బరాయుడు కొట్లో యూరియా బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. మెసేజి చదివి, ఫోన్ పంచెకు తుడిచి, మళ్ళీ చదివాడు. అప్పుడు తనే అన్నకు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, రేపొద్దున రా. ప్రేమదాసుని కూడా రమ్మను."

ఇద్దరూ వచ్చారు. ప్రేమదాసు కొత్త కాయితం రాయించుకొచ్చాడు, పాతది నలిగిపోయి ఉంటుందని. జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి పట్టుకున్నాడు.

"సంతకం దేని మీద పెట్టాలి?" అన్నాడు నల్ల సుబ్బరాయుడు.

"ఇక్కడండి."

"ఆ చోటు కాదయ్యా. ఏ చలానా మీద? నా లెక్కలో చలానా ఇప్పుడు లేదుగా. వాడేశాను. మిగిలింది గవర్నమెంటువారు నిన్ననే పంపించారు. ఉంటేగదా అభ్యంతరం లేదని రాసేది?"

ప్రేమదాసు చేతిలో పెన్ను అలాగే ఉంది. అతనికి ముందు అర్థమైంది. "అయ్యో, రాయుడుగారూ" అన్నాడు. ఎర్రాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఏంటంటాడ్రా ప్రేమదాసూ?"

"రిటర్నులో క్లెయిమ్ చేసేశారండి. రిఫండు తీసేసుకున్నారు. ఒకసారి వాడిన చలానా ఇంక ఆఫీసరుగారు కూడా కదపలేరండి."

ఎర్రాయన చెయ్యి లేచింది. లేచిన చెయ్యి తమ్ముడి మీదకి పోలేదు. పక్కనున్న ప్రేమదాసు చెంప మీద పడింది. కళ్ళజోడు ఎగిరి మెట్ల కింద పడింది. ప్రేమదాసు వంగి తీసుకుని, పగిలిందేమో చూసుకుని, పెట్టుకున్నాడు. చెంప తడుముకోలేదు.

"కోర్టుకెళ్దాం పదండి" అన్నాడు మెల్లిగా. "చెక్కు మీరిచ్చిందండి. బ్యాంకులో రుజువుంది. నేనే సాక్ష్యం చెబుతాను."

"వెళ్ళండి" అన్నాడు నల్ల సుబ్బరాయుడు. "నందిగామే కదా. వాయిదాకి ఇద్దరం ఒక బస్సులోనే పోదాం అన్నయ్యా, చార్జీ నేను పెడతా. సుబ్బరాయుడూ అని పిలిస్తే ఇద్దరం లేద్దాం. మన పిల్లలు ముసలాళ్ళయ్యేలోపు తీర్పొస్తుంది. ఈలోపు నీ నోటీసు ఆగదు, నీ మిషనూ ఆగదు."

ఎర్రాయన మెట్టు మీద కూలబడ్డాడు. అంత ఎర్రటి మనిషీ సున్నం కొట్టినట్టయ్యాడు.

"ఏం కావాల్రా నీకు?"

అడగాల్సిన మాట అడిగాడు.

"బావి ఉన్న ఎకరం. ఊరికే ఒద్దు, కొంటా. పన్నెండు లక్షలు. ఐదు లక్షల ఎనభై వేలు ఇవాళే బయానా ఇస్తా."

"ఆ ఎకరం ఇరవైకి అడుగుతున్నార్రా."

"అడిగినవాళ్ళకి అమ్ము. రిజిస్ట్రేషన్‌కి వాళ్ళు సంక్రాంతి దాకా ఆగమంటారు. నీ నోటీసు ఆగుద్దా?"

"ఆ బయానా నా డబ్బేరా!"

"నా ఖాతాలోంచి వస్తుందిగా."

జగ్గయ్యపేట రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే గదుల్లో రిజిస్ట్రేషన్ నాడు జనం కిటకిటలాడుతున్నారు. రాసేవాడు బుల్లిబాబు, హాస్యగాడు. కాయితం మీద పేర్లు చూసి పగలబడి నవ్వాడు.

"అమ్మేది కొమ్మినేని సుబ్బరాయుడు, కొనేది కొమ్మినేని సుబ్బరాయుడు. ఏమండీ, మీ చేను మీరే కొనుక్కుంటున్నారా?"

నవ్వినవాళ్ళు నవ్వారు. ఎర్రాయన నవ్వలేదు. కాయితం పట్టుకుని పాన్ నెంబర్ల దగ్గర వేలు పెట్టాడు. "ఇది నాది. చదువు" అన్నాడు. బుల్లిబాబు చదివాడు. "మళ్ళీ చదువు." మళ్ళీ చదివాడు. "వాడిది చదువు." ప్రేమదాసు వెనక నిలబడి కార్డు చూస్తూ ఒక్కో అక్షరానికీ తలూపాడు. ఎర్రాయన తండ్రుల పేర్లు చూపించమన్నాడు, ఆధార్లు పక్కపక్కన పెట్టించాడు. చిన్నపిల్లాడు నడక నేర్చుకున్నట్టు అడుగడుగునా చూసుకున్నాడు ఎర్రాయన. ఒక్కసారి కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు.

నల్ల సుబ్బరాయుడు గోడకానుకుని చూస్తూ ఉన్నాడు. అన్న నెంబర్లు చూస్తున్నంతసేపూ ఒకటి చూడలేదు. ఎకరానికి అవతల అన్నకు ఇంకా రెండెకరాలున్నాయి. వాటికి నీళ్ళు ఈ బావివే. ఆ రెండెకరాలకు నీళ్ళు పెట్టుకునే హక్కుందని దస్తావేజులో ఒక్క ముక్క రాయాలి. ఎవరూ రాయలేదు. ఎవరూ అడగలేదు. ప్రేమదాసుకి పన్నులు తెలుసుగాని పొలాలు తెలియవు. ఎర్రాయన అక్షరాలు లెక్కపెట్టుకుని సంతకం పెట్టాడు. వేలిముద్ర వేశాడు.

ఆ సాయంత్రమే ప్రేమదాసు నోటీసు బాకీ కట్టించాడు. ఈసారి నెంబరు ఎర్రాయనే చదివి చెప్పాడు. ఆయన పేరున, ఆ సంవత్సరంలోనే పడిందని కంప్యూటర్లో కనపడేదాకా రోజూ నందిగామ వచ్చి ఆ గదిలో కూర్చునేవాడట. పడింది. ఏం లాభం.

మార్చి వచ్చింది. ఎర్రాయన రెండెకరాల్లో మొక్కజొన్న పాలకంకి మీదుంది. బావి చేతులు మారిన దగ్గర్నుంచీ తమ్ముణ్ణి నీళ్ళడగలేదు. అడక్కుండానే నల్ల సుబ్బరాయుడు మోటారు వేసినప్పుడల్లా కాలవ అటు తిప్పమనేవాడు పాలేరుతో. ఊరు ఆశ్చర్యపోయింది. పుష్పవతి ఒకరోజు, "పోన్లెండి, మంచి పని చేశారు" అంది. ఆయన మంచికి తిప్పలేదు. అడిగేదాకా పెంచి, అడిగిన్నాడు ఆపాలని తిప్పాడు. పెరక్కపోతే ఎండేదేముంది.

ఆ ఏడు కొట్టు బాగా నడిచింది. నవీన్‌బాబు మార్చి పదిహేను లోపు అడ్వాన్స్ టాక్స్ కట్టమన్నాడు. కట్టేటప్పుడు నల్ల సుబ్బరాయుడు పాన్ నెంబరు తనే చదివాడు. సంవత్సరం ఏది పెట్టావని అడిగాడు. పేజీలో పేరు సగం దాచి చూపించింది. దాని వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ అక్షరాలు తనవీ అవ్వచ్చు, అన్నవీ అవ్వచ్చు.

"పడిందా?" అని మర్నాడు ఫోన్ చేశాడు.

"రెండు మూడు రోజులు పడుతుంది బాబాయ్, కనపడ్డానికి."

"పడిందా?" అని మళ్ళీ చేశాడు. అన్నం సయించలేదు. కొట్లో బేరం కుదరలేదు. తప్పు పడితే అన్న ఏం చేస్తాడో అనుకోబోయి, ఆలోచించే పని లేదని గుర్తొచ్చింది. తను చేసిందే అన్నా చేస్తాడు.

మూడోనాడు చేలో మోటారు వేసి బావి గట్టున నిలబడ్డాడు. కాలవలో నీళ్ళు ఎర్రాయన చేలోకి పోతున్నాయి. అవతల గట్టు మీద ఎర్రాయన గొడ్డలి భుజాన పెట్టుకుని వస్తూ ఆగాడు. రిజిస్ట్రేషన్ తర్వాత అదే మొదటి పలకరింపు.

"ఏరా తమ్ముడూ, అడ్వాన్స్ టాక్స్ కట్టావంట! పేటంతా చెప్పుకుంటున్నారు, రోజుకి పదిసార్లు నవీన్‌బాబుకి ఫోన్ చేస్తున్నావని."

నల్ల సుబ్బరాయుడు కాలవ వంక చూశాడు.

"నేనూ ప్రేమదాసుకి చెప్పాన్లే, రోజూ నా లెక్క తెరిచి చూడమని. ఏమో, మన తాత చల్లగా చూస్తే నా మీద పడుద్దేమో!" అని నవ్వాడు. నవ్వుతుంటే పాత ఎరుపు మొహంలోకి తిరిగొచ్చింది. "పడితే కంగారుపడకు. కాయితం పట్టుకుని ఇంటికి రా. రేపు చూద్దాంలే."

నల్ల సుబ్బరాయుడు షెడ్డులోకి నడిచాడు. స్టార్టరు మీద ఎర్ర బొత్తాం నొక్కాడు. మోటారు మూలిగి ఆగింది. కాలవలో నీళ్ళు కాసేపు పాకి, మట్టిలో ఇంకిపోయాయి.

ఎర్రాయన నవ్వు ఆగింది. "ఒరే, కంకి పాలు పోసుకుంటుందిరా. ఈ తడి ఒక్కటీ ఉంటే చాలు."

అడిగాడు.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. నవీన్‌బాబు. "పడింది బాబాయ్. మీ పాన్ మీదే. సంవత్సరం కూడా సరిగ్గా ఉంది. ఇంక హాయిగా అన్నం తినండి."

"సరే" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. షెడ్డు తలుపు మూసి తాళం వేశాడు. తాళం పడిందో లేదో ఒకసారి లాగి చూశాడు. అవతల గట్టు మీద ఎర్రాయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయనకేదో చెప్పాలని నోరు తెరిచి, చెప్పాల్సిన మాట ఇందాక ఆయనే అనేశాడని గుర్తొచ్చి, నోరు మూసుకుని ఇంటిదారి పట్టాడు.